5 గ్రాముల జింకు ఎన్ని ఆంపియర్ అవర్లు ఇస్తుంది? డేనియల్ ఘటంతో మూడు పరుగుల డైరీ

ఇదే ప్రయోగాన్ని ఇంట్లోనో కళాశాల ప్రయోగశాలలోనో చేయదలచిన వారికి పనికి వస్తుందని ఈ డైరీ రాస్తున్నాను. జింకు పలకను తూచి, ఆ బరువును బట్టి గరిష్ఠ విద్యుత్ పనిని, ఆంపియర్ అవర్లలో సామర్థ్యాన్ని ముందుగా లెక్క కట్టి, తరువాత జింకు, రాగి పలకలను వాటి వాటి సల్ఫేటు ద్రావణాలలో ముంచి చేసే డేనియల్ ఘటాన్ని నడిపి, లెక్కకు ఎంత దూరంలో ఆగానో చూసుకోవడం ఇందులోని పని. మూడు పరుగులలో ఏ ఒక్కటీ అనుకున్నట్లు సాగలేదు కనుక, ఎక్కువ భాగం ఆ తేడాల గురించే ఉంటుంది.

## దశ 0: కాగితం మీది లెక్క

జింకు పరమాణు భారం 65.38. ఒక్కొక్క జింకు పరమాణువు 2 ఎలక్ట్రాన్లను వదులుతుంది. ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం 96485 కూలుంబులు, ఒక ఆంపియర్ అవర్ అంటే 3600 కూలుంబులు. ప్రమాణ పరిస్థితులలో జింకు, రాగి ఘటపు పొటెన్షియల్ 1.10 వోల్టులు.

```
Q = (m / M) × n × 96485 / 3600     (Ah)
W = (m / M) × n × 96485 × E°       (J)

m = 1 g:  Q = 0.820 Ah,  W = 3247 J = 0.902 Wh
m = 5 g:  Q = 4.10 Ah,   W = 16.2 kJ = 4.51 Wh
```

ఈ రెండు సంఖ్యల స్వభావం ఒకటి కాదు. మొదటిది కేవలం పరమాణువుల లెక్క, అందులో వోల్టేజి ఊసే లేదు. రెండవది ఆ ఆవేశమంతా 1.10 వోల్టుల వద్దే బయటకు వచ్చినప్పటి మాట, అంటే కరెంటు దాదాపు సున్నా అయినప్పుడు మాత్రమే అందే హద్దు. అందువల్ల రెండు మొత్తాలనూ మొదటి నుంచీ వేరువేరు నిలువు వరుసలలో రాసుకున్నాను. మూడవ పరుగులో ఈ జాగ్రత్త అక్కరకు వచ్చింది.

పలకలో ఏ భాగం క్రియాజనకమో కూడా ముందే తేల్చుకోవాలి. నా పలక పొడవు 62 మిల్లీమీటర్లు, వెడల్పు 28, మందం అర మిల్లీమీటరు, బరువు 6.20 గ్రాములు. ద్రావణంలో మునిగేది 50 మిల్లీమీటర్లే కనుక లెక్కలోకి వచ్చేది 5.00 గ్రాములు. పైన క్లిప్పు పట్టుకునే 1.20 గ్రాములను కూడా కలుపుకుంటే సామర్థ్యం ఒక ఆంపియర్ అవర్ దాకా ఎక్కువ కనబడుతుంది.

## దశ 1: సామగ్రి

1. అర లీటరు గాజు బీకరు, అందులో పట్టే మెరుగు పూయని చిన్న మట్టి ముంత.
2. జింకు పలకలు మూడు, రాగి రేకు ఒకటి.
3. మైలుతుత్తం అనే కాపర్ సల్ఫేట్, జింకు సల్ఫేటు.
4. 0.01 గ్రాము దాకా చూపే చిన్న తూకం.
5. 10 ఓమ్‌లు, 33 ఓమ్‌ల రెసిస్టర్లు, ఒక మల్టీమీటరు.

ముంతను ముందు రోజు రాత్రే నీటిలో నానబెట్టాలి. పొడి ముంతతో పెట్టినప్పుడు ఖాళీ వోల్టేజి సరిగానే ఉన్నా, రెసిస్టరు తగిలించగానే వోల్టేజి పాతాళానికి పడిపోయింది. రాత్రంతా నానిన ముంతతో ఘటపు అంతర్నిరోధం 3 ఓమ్‌ల దరిదాపులకు వచ్చింది.

జింకు సల్ఫేటును మొదట ఎరువుల దుకాణంలో కొన్నాను. వరి పొలాలలో జింకు లోపానికి చల్లేది అదే కాబట్టి సులభంగా దొరుకుతుంది. కరిగిస్తే ద్రావణం మడ్డిగా తయారైంది. అందులో ఇనుము వంటి మలినాలుంటే అవి జింకు మీద పేరుకొని, అక్కడ హైడ్రోజన్ బుడగలు లేచి, కరెంటు ఇవ్వకుండానే జింకు తినుకుపోతుంది. కొలత కోసం చేసే పనికి అది తగదని పక్కన పెట్టి, ప్రయోగశాలలకు అమ్మే రకం తెచ్చుకున్నాను.

మల్టీమీటరును ఒక మామూలు టార్చి బ్యాటరీ మీద పరీక్షించినప్పుడు, పావుగంటకు అది తనంతట తానే ఆగిపోయింది. రాత్రంతా రీడింగులు కావాలి కనుక, అలా ఆగని చవక మీటరును ఒక మిత్రుని వద్ద అడిగి తీసుకున్నాను. దాని ముందు పాత ఫోనును నిలబెట్టి, 15 నిమిషాలకొక ఫొటో తీసేటట్లు అమర్చాను. ఫొటోలలోని అంకెలను స్ప్రెడ్‌షీటులో ఎక్కించాను. A వరుసలో గంటలు, B వరుసలో రెసిస్టరు మీది వోల్టేజి. 10 ఓమ్‌లని అమ్మిన రెసిస్టరు కొలిస్తే 10.1 ఓమ్‌లు చూపింది కనుక ఆ సంఖ్యనే వాడాను.

```
=(A3-A2)*(B3+B2)/2/10.1
```

ఈ వరుస మొత్తమే ఆంపియర్ అవర్లు. ప్రతి ముక్కనూ దాని సగటు వోల్టేజితో గుణించి కూడితే వాట్ అవర్లు వస్తాయి.

## దశ 2: మొదటి పరుగు, సగంలోనే ఆగిన ఘటం

1. ముంతలో 100 మిల్లీలీటర్ల నీటిలో 12.5 గ్రాముల మైలుతుత్తం, రాగి రేకు.
2. బయట బీకరులో 300 మిల్లీలీటర్ల జింకు సల్ఫేటు, అందులో జింకు పలక.
3. ఖాళీ వోల్టేజి 1.09. రెసిస్టరు తగిలించాక 0.84.

4.10 ఆంపియర్ అవర్లకు 80 మిల్లీఆంపియర్ల చొప్పున 50 గంటలైనా పడుతుందని వేచి ఉంటే, 31వ గంటకు రెసిస్టరు మీది వోల్టేజి 0.30 కంటే కిందికి జారింది. మొత్తం 2.18 ఆంపియర్ అవర్లే వచ్చాయి. పలకను పైకి తీస్తే జింకు ఇంకా గట్టిగానే ఉంది. ముంతలోని నీలం మాత్రం వెలిసిపోయి, ఉతికిన చీర రంగులోకి దిగింది.

తప్పు నాదే. మైలుతుత్తం అణుభారం 249.68, దానిలో ఒక మోల్ రాగి కూడా 2 ఎలక్ట్రాన్లనే తీసుకుంటుంది. ఆ లెక్కన 12.5 గ్రాములు ఇవ్వగలిగినది 2.68 ఆంపియర్ అవర్లు మాత్రమే. ఇంటర్మీడియట్ పుస్తకాల లెక్కలలో జింకు బరువు ఇచ్చి, పక్కనే కాపర్ సల్ఫేట్ అధికంగా ఉన్నదని ఒక మాట రాస్తారు. ఆ మాట నింపడానికి రాసింది కాదని నాకు 31 గంటల తరువాత అర్థమైంది. సామర్థ్యం లెక్క కట్టే ముందు రెండు వైపులా ఎన్ని మోల్‌లు ఉన్నాయో చూసి, తక్కువ ఉన్నదానితోనే కట్టాలి.

ఇక్కడ మరొక విషయం గమనించాను. రెసిస్టరును తీసేసి ఐదు నిమిషాలు ఆగితే వోల్టేజి మళ్లీ 1.05కు లేచింది. చివరలో రాగి అయాన్లు లీటరుకు 0.03 మోల్‌ల వరకు తగ్గినా, జింకు అయాన్లు వాటికి 20 రెట్లకు పైగా ఉన్నా, గాఢతలను బట్టి పొటెన్షియల్‌ను లెక్కించే నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం అది తగ్గవలసినది దాదాపు 0.04 వోల్టులే. అంటే లోడు మీద పడిపోయిన వోల్టేజికి కారణం ఘటపు పొటెన్షియల్ తరగడం కాదు, పలచబడిన ద్రావణంలో రాగి అయాన్లు రేకు దగ్గరకు తగినంత వేగంగా చేరలేకపోవడం. కనుక ఖాళీ వోల్టేజిని చూసి ఘటంలో ఇంకా ఎంత మిగిలిందో చెప్పబోతే మోసపోతాము.

### తూకంలో జరిగిన మోసం

పలకను కడిగి ఆరబెట్టి తూస్తే 2.67 గ్రాములు తగ్గింది. 2.18 ఆంపియర్ అవర్లకు కరగవలసిన జింకు 2.66 గ్రాములు. ఒక్క మిల్లీగ్రాము కూడా వృథా కాలేదన్నట్లున్న ఆ సరిపోలికను డైరీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను కూడా.

మరునాడు పలకను చేతిలో తిప్పుతుంటే వేలికి నల్లని మసి అంటింది. పాత టూత్‌బ్రష్షుతో నీటిలో రుద్దితే కాటుకలా ఊడి వచ్చి, అడుగున చేరాక కాస్త ఎర్రగా కనబడింది. అది రాగి. ముంత గోడ గుండా ఊరి వచ్చిన రాగి అయాన్లు జింకును నేరుగా తాకి, అక్కడికక్కడే ఎలక్ట్రాన్లు తీసుకొని, తీగలోకి ఏమీ పంపకుండా జింకు మీద పేరుకున్నాయి. రుద్దిన తరువాత తూస్తే తగ్గిన జింకు 3.09 గ్రాములు.

తూకం ఎందుకు మోసం చేసిందంటే, ఈ నేరు చర్యలో ఒక మోల్ జింకు 65.38 గ్రాములు పోయి, దాని స్థానంలో 63.55 గ్రాముల రాగి కూర్చుంటుంది. మసి పలకను అంటిపెట్టుకొని ఉన్నంత కాలం బరువులో తేడా దాదాపు కనబడదు. వృథా అయిన 0.43 గ్రాముల జింకును 0.42 గ్రాముల రాగి పూడ్చింది. నేరు చర్యలో పోయిన శక్తి అంతా వేడిగానే పోతుంది. అయినా 31 గంటల మీద పరచుకున్న ఆ కాస్త వేడి చేతికి తెలియదు.

రాగి వైపు నుంచి లెక్క సరిపోయింది. 2.68లో 2.18 తీగ గుండా, 0.35 జింకు మీద మసిగా, మిగిలిన 0.15 ఇంకా ద్రావణంలో లేత నీలంగా ఉన్నాయి.

ఇప్పటివరకు: 31 గంటలు, కరిగిన జింకు 3.09 గ్రా., 2.18 ఆంపియర్ అవర్లు, 1.66 వాట్ అవర్లు.

## దశ 3: రెండవ పరుగు, హద్దు దాటిన మీటరు

మార్చినవి:

1. జింకును ముంతలోకి, రాగిని బయటకు మార్చాను. బయట 300 మిల్లీలీటర్లలో 40 గ్రాముల మైలుతుత్తం వేశాను. అది 8.6 ఆంపియర్ అవర్లకు సరిపోతుంది, అంటే జింకుకు కావలసినదానికి రెట్టింపు.
2. ముంతలోని ద్రావణం మట్టాన్ని బయటి మట్టం కంటే అర సెంటీమీటరు ఎత్తులో ఉంచాను. ఊట లోపలి నుంచి బయటికి సాగితే రాగి లోపలికి రావడం తగ్గుతుంది.
3. మొదటి పలక ద్రావణపు అంచు దగ్గర సన్నగా కోసినట్లు అయింది. ఇంకొంత సేపు నడిస్తే అక్కడే తెగి పడేది. అందుకని ఈ సారి అంచు గీత మీద గోళ్ల రంగు పూసి, అది ఆరిన తరువాతే తూచాను.
4. మసి ఒకసారి మోసం చేసింది కనుక, రాగి రేకును కూడా ముందే తూచి పెట్టుకున్నాను.

నాలుగవదే ఈ పరుగును కాపాడింది.

సుమారు 42 గంటలు నడిచాక, మునిగిన భాగం జల్లెడలా అయినప్పుడు ఆపాను. విరిగిపడిన ముక్కలను వడకట్టి, మసి రుద్ది, అన్నీ కలిపి తూస్తే కరిగిన జింకు 4.62 గ్రాములు. దాని నుంచి రాగలిగిన గరిష్ఠ ఆవేశం 3.79 ఆంపియర్ అవర్లు. స్ప్రెడ్‌షీటు మొత్తం 3.93 చూపుతోంది.

తక్కువ వస్తే వంద కారణాలు వెదకవచ్చు. ఎక్కువ వస్తే ఒకటే మాట, కొలత తప్పు. జింకు తనలో లేని ఎలక్ట్రాన్లను ఇవ్వదు. ఫొటోలను వెనక్కి తిప్పి చూస్తే, మొదటి రాత్రి 0.83 దగ్గర నిలకడగా ఉన్న వోల్టేజి, రెండవ రోజు మధ్యాహ్నం నుంచి మెల్లగా ఎక్కుతూ 0.90 దాటి 1.10 దాకా పోయింది. పలక కరిగి చిన్నదవుతుంటే వోల్టేజి పెరగడానికి ఏ కారణమూ లేదు. మీటరు తెర మూలలో బ్యాటరీ గుర్తు కూడా వెలిగింది, ఫొటోలలో అంకెలు ఎక్కిస్తూ నేను దాన్ని చూడలేదు. ఈ రకం చవక మీటర్లలో 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే, పోల్చి చూసుకునే లోపలి వోల్టేజి తగ్గి, కొలిచేది అసలు కంటే ఎక్కువగా కనబడుతుంది. వేరే మీటరుతో చూస్తే చివరలో అసలు వోల్టేజి 0.80 మాత్రమే.

ఆ రీడింగులను వదిలి రాగి రేకును తూచాను. తీగ గుండా పోయిన ప్రతి ఆంపియర్ అవర్‌కు రేకు మీద 1.186 గ్రాముల రాగి చేరుతుంది. రేకు పెరిగింది 4.09 గ్రాములు, అంటే 3.45 ఆంపియర్ అవర్లు. రేకును తూచే ముందు నీటితో కడిగి, స్పిరిట్‌లో ముంచి, ఫ్యాను గాలికి ఆరబెట్టాను. వేడి చేస్తే రాగి నల్లబడి ఆక్సైడు బరువు కలుస్తుంది. కరెంటు రేకు పరిమాణానికి మించితే పొర పొడిలా రాలి లెక్క తక్కువ వస్తుంది. నా రేకు రెండు వైపులా కలిపి 96 చదరపు సెంటీమీటర్లు, కరెంటు 83 మిల్లీఆంపియర్లు కనుక పొర గులాబి రంగులో గట్టిగా అంటుకుంది.

3.45 ఆంపియర్ అవర్లకు కరగవలసిన జింకు 4.21 గ్రాములు. మిగిలిన 0.41 గ్రాములు మసి పాలు. పని మాత్రం అంచనాయే. వోల్టేజి 0.83 నుంచి 0.80 మధ్య నడిచిందనుకొని సగటు 0.82 తీసుకుంటే 2.83 వాట్ అవర్లు.

ఇప్పటివరకు: 73 గంటలు, కరిగిన జింకు 7.71 గ్రా., 5.63 ఆంపియర్ అవర్లు, 4.49 వాట్ అవర్లు.

## దశ 4: మూడవ పరుగు, ఆవేశం తగ్గి పని పెరిగినప్పుడు

గరిష్ఠ పనికి దగ్గరగా పోవాలంటే కరెంటు తగ్గించాలి. ఖాళీ వోల్టేజి 1.08 దగ్గర నిలిచినా, 3 ఓమ్‌ల అంతర్నిరోధం 83 మిల్లీఆంపియర్ల వద్ద పావు వోల్టును ఘటంలోనే వేడిగా తినేస్తోంది. అందుకని 33 ఓమ్‌ల రెసిస్టరు పెట్టాను. కొలిస్తే 32.8 వచ్చింది. మీటరులో కొత్త బ్యాటరీ వేసి, రోజూ ఉదయం రెండవ మీటరుతో సరిచూశాను. మిగతా అంతా మునుపటిలాగే ఉంచాను.

వోల్టేజి 0.99 దగ్గర నిలిచింది, కరెంటు 30 మిల్లీఆంపియర్లు. నాలుగు రోజుల పైన, 99 గంటలు నడిచింది.

1. కరిగిన జింకు: 4.60 గ్రా., అంటే గరిష్ఠంగా 3.77 ఆంపియర్ అవర్లు, 4.15 వాట్ అవర్లు.
2. రాగి రేకు మీద చేరినది: 3.52 గ్రా., అంటే 2.97 ఆంపియర్ అవర్లు. మీటరు లెక్క 2.99.
3. విద్యుత్ పని: 2.91 వాట్ అవర్లు.
4. మసి పాలైన జింకు: 0.98 గ్రా.

దాదాపు అదే బరువు జింకు నుంచి ఆంపియర్ అవర్లు 3.45 నుంచి 2.97కు తగ్గాయి, వాట్ అవర్లు 2.83 నుంచి 2.91కు పెరిగాయి. మొదట చూసినప్పుడు అంకెలను తారుమారు చేసి రాశానేమోనని రెండుసార్లు సరిచూశాను. తప్పు లేదు. ముంత గోడ గుండా రాగి ఊరడానికి తీగలోని కరెంటుతో పని లేదు, అది గడియారాన్ని బట్టి నడుస్తుంది. రెండవ పరుగులో 0.41 గ్రాములు 42 గంటలలో, మూడవ పరుగులో 0.98 గ్రాములు 99 గంటలలో పోయాయి. రెండింటిలోనూ గంటకు దాదాపు 9.9 మిల్లీగ్రాములు. మెల్లగా నడిపితే వోల్టేజి నష్టం తగ్గుతుంది, కాని నడిచే గంటలు పెరిగి ఊట నష్టం ఎక్కువవుతుంది. సూత్రంలోని గరిష్ఠ పని అనంతమైన నిదానాన్ని కోరుతుంది, నా ముంత అంత నిదానాన్ని భరించదు.

రెండవ పరుగులోని వాట్ అవర్లు అంచనా కనుక, 2.83కూ 2.91కీ మధ్య ఉన్న తేడాను నేను గట్టిగా నమ్మను. ఆంపియర్ అవర్లలోని తేడా మాత్రం రెండుసార్లూ ఒకే తూకం మీద, ఒకే రేకుతో తీసినది.

ఇప్పటివరకు: 172 గంటలు, కరిగిన జింకు 12.31 గ్రా., 8.60 ఆంపియర్ అవర్లు, 7.40 వాట్ అవర్లు. ఇంత జింకుకు హద్దు 10.09 ఆంపియర్ అవర్లు, 11.1 వాట్ అవర్లు.

## దశ 5: నాలుగవ పరుగుకు ముందు రాసిపెట్టుకున్న అంచనా

అంతర్నిరోధం 3 ఓమ్‌లు, ఊట గంటకు 9.9 మిల్లీగ్రాములు అని తీసుకొని, వివిధ రెసిస్టర్లకు వోల్టేజి నష్టాన్నీ ఊట నష్టాన్నీ కలిపి లెక్క కట్టాను. 10 ఓమ్‌ల వద్ద వోల్టేజి నష్టం, 33 ఓమ్‌ల వద్ద ఊట నష్టం ఎక్కువ. రెండూ సర్దుకునే చోటు 20 ఓమ్‌ల ప్రాంతంలో ఉంది, బజారులో దొరికే విలువలలో దానికి దగ్గరది 22. మునుపటిలాగే 4.60 గ్రాముల జింకు కరిగే దాకా నడిపితే 43 మిల్లీఆంపియర్లు, సుమారు 73 గంటలు, 3.17 ఆంపియర్ అవర్లు, 3.0 వాట్ అవర్లు రావాలి. వాట్ అవర్లు 2.9 కంటే తక్కువ వస్తే, ఊట స్థిరంగా ఉంటుందన్న నా ఊహే తప్పు. అప్పుడు ముంతనే మార్చాలి.

ముంత ఈ రాత్రికి నీటిలో నానుతోంది. రాగి రేకు తూచాను, దాని మీది పాత పొరతో సహా 31.46 గ్రాములు.